ఏడాది ఆన్‌లైన్ దుకాణం నేర్పిన పాఠాన్ని ఎనిమిది నిమిషాల ప్రసంగంగా ఎలా మలచాలి

ఒక ఏడాది పాటు చిన్న ఆన్‌లైన్ దుకాణం నడిపిన మిమ్మల్ని, మీ కాలేజీలోని ఆంత్రప్రెన్యూర్‌షిప్ క్లబ్బు ఎనిమిది నిమిషాలు మాట్లాడమని పిలిచిందనుకుందాం. ఎదురుగా కూర్చున్న విద్యార్థుల్లో కొందరు ఇప్పటికే ఇన్‌స్టాగ్రామ్‌లో ఏదో ఒకటి అమ్ముతూ ఉంటారు, మరికొందరు వచ్చే సెలవుల్లో మొదలుపెట్టాలని చూస్తుంటారు. వారికి ఏడాదిలో జరిగినదంతా చెప్పబోతే ఎనిమిది నిమిషాలు ముందుమాటకే సరిపోతాయి. అందువల్ల ఏడాది మొత్తం మీద మీ డబ్బు లెక్కను అన్నిటికన్నా ఎక్కువగా మార్చిన ఒకే ఒక పాఠాన్ని ఎంచుకొని, దానిని అంకెలతో సహా విప్పి చూపించడం మంచిది. ఆ పనిని ఎలా చేయాలో, మంగళగిరి నూలు చీరలు అమ్మే ఒక దుకాణాన్ని ఉదాహరణగా తీసుకొని వివరిస్తాను. ఇందులోని ధరలు లెక్క తేలిగ్గా సాగడానికి ఎంచుకున్నవి మాత్రమే. మీ ప్రసంగంలో వాటి స్థానంలో మీ అంకెలే ఉండాలి.

మొదటి మెట్టు: ఏ పాఠం చెప్పాలో ఖాతా పుస్తకాన్ని అడగండి

పాఠాన్ని జ్ఞాపకం నుంచి ఎంచుకోవద్దు. మనకు బాగా గుర్తుండేవి మొదటి ఆర్డరు, కోపంగా ఫోన్ చేసిన కొనుగోలుదారు, పండుగ రోజుల హడావిడి వంటివి. డబ్బు పోయిన చోటు ఇంత స్పష్టంగా గుర్తుండదు, ఎందుకంటే అది ఒక్కసారిగా కాకుండా కొంచెం కొంచెంగా పోయి ఉంటుంది. ఏడాది ఆర్డర్ల జాబితాను స్ప్రెడ్‌షీటులోకి దించుకోండి. ప్రతి వరుసలో ఆర్డరు తేదీ, పిన్‌కోడ్, అమ్మకపు ధర, చెల్లింపు విధానం, పార్శిల్ చివరికి ఏమైందన్నది ఉండాలి. ఆ పక్కనే కొరియర్ సంస్థ పంపిన బిల్లుల నుంచి ఆ పార్శిల్‌కు పడిన మొత్తం ఖర్చును చేర్చండి. ఈ చివరి గడి నింపడానికే ఎక్కువ సమయం పడుతుంది, కానీ ప్రసంగానికి ప్రాణం అక్కడే ఉంటుంది.

క్యాష్ ఆన్ డెలివరీ ఇచ్చే చిన్న దుకాణాల్లో ఇలా చూసినప్పుడు తరచుగా బయటపడేది, కొనుగోలుదారుకు చేరకుండానే తిరిగివచ్చిన పార్శిళ్ల భారం. అమ్మకందారులు దీన్ని రిటర్న్ టు ఆరిజిన్, క్లుప్తంగా ఆర్‌టీఓ అంటారు. కొనుగోలుదారు చీరను చూసి, నచ్చక వెనక్కి పంపడం వేరే సంగతి. ఇక్కడ పార్శిల్ విప్పనే విప్పరు. తలుపు తీయకపోవడం, ఫోన్ ఎత్తకపోవడం, వద్దని చెప్పడం, చిరునామా దొరకకపోవడం వంటి కారణాలతో కొరియర్ వారు కొన్నిసార్లు ప్రయత్నించి దానిని మీ దగ్గరకే తిప్పి పంపుతారు. ఈ రెండింటినీ ఒకే గంపలో వేస్తే ప్రసంగం మొత్తం తప్పుదారి పడుతుంది, ఎందుకంటే మొదటిదానికి మందు బట్ట నాణ్యతలోనూ ఫోటోల్లోనూ ఉంటుంది, రెండోదానికి మందు ఆర్డరు తీసుకునే పద్ధతిలో ఉంటుంది.

మీ దుకాణంలో ఈ నిష్పత్తి ఎంతో తెలుసుకోవడానికి, D నిలువులో చెల్లింపు విధానం, E నిలువులో పార్శిల్ స్థితి ఉన్నాయనుకుంటే, ఈ సూత్రం సరిపోతుంది:

```
=COUNTIFS(D:D,"COD",E:E,"RTO")/(COUNTIFS(D:D,"COD",E:E,"RTO")+COUNTIFS(D:D,"COD",E:E,"Delivered"))
```

కింద మొత్తం ఆర్డర్లతో కాకుండా, చేరినవి, తిరిగివచ్చినవి కలిపిన సంఖ్యతోనే భాగిస్తున్నామని గమనించండి. దారిలో ఉన్న పార్శిళ్లను కూడా కలిపితే నిష్పత్తి నిజంకన్నా తక్కువగా కనిపిస్తుంది. ముఖ్యంగా పండుగ అమ్మకాలు ముగిసిన వారంలో లెక్క చూసుకొని సంతోషించినవారికి, రెండు వారాల తరువాత పార్శిళ్లు ఒక్కొక్కటిగా తిరిగివస్తుంటే అసలు సంగతి తెలుస్తుంది.

రెండో మెట్టు: ఒక్క చీర లెక్కను బోర్డు మీద వేయడానికి సిద్ధం చేసుకోండి

ప్రసంగంలో సగం సమయం దీనికే ఇవ్వమని నా సలహా. వినేవారికి మొత్తం టర్నోవరు చెబితే అది గొప్పగా వినిపిస్తుంది గాని ఏమీ నేర్పదు. ఒకే ఒక్క చీర మీ చేతి నుంచి బయలుదేరి చేరితే ఏమి మిగులుతుందో, చేరకపోతే ఏమి పోతుందో పక్కపక్కన రాస్తే వెనుక బెంచీలో ఉన్నవారికి కూడా అర్థమవుతుంది.

మన ఉదాహరణలో చీరను మంగళగిరిలోని మాస్టర్ వీవర్ దగ్గర 900 రూపాయలకు కొని, 1,400 రూపాయలకు అమ్ముతున్నాం. తేడా 500. కొత్తగా మొదలుపెట్టినవారు లాభమని అనుకునేది ఈ 500నే. ఇందులోంచి ప్యాకింగుకు 25, కొరియర్‌కు 90, నగదు వసూలు చేసి ఇచ్చినందుకు కొరియర్ సంస్థ తీసుకునే రుసుము 40, ఆ ఆర్డరు రావడానికి ప్రకటనలపై పెట్టినది 100 తీసేస్తే మిగిలేది 245 రూపాయలు. ఇది చీర చేరినప్పటి మాట.

చేరకపోతే అమ్మకం లేదు, కాబట్టి 1,400 రావు. చీర మాత్రం తిరిగి మీ దగ్గరకు వస్తుంది. ప్యాకింగు 25, వెళ్లిన దారి ఖర్చు 90, తిరిగివచ్చిన దారి ఖర్చు 80, ప్రకటన ఖర్చు 100 మీ జేబులోంచే పోతాయి. నగదు వసూలు కాలేదు గనుక ఆ 40 పడలేదనుకుందాం. మీ కొరియర్ ఒప్పందంలో అలా ఉందో లేదో మాత్రం చూసుకోండి. మొత్తం నష్టం 295 రూపాయలు. అంటే ఒక చీర తిరిగివస్తే, చేరిన ఒక చీర మీద వచ్చిన లాభం మొత్తాన్ని తినేసి ఇంకో 50 రూపాయలు అదనంగా తీసుకుపోతుంది.

ఇప్పుడు వంద ఆర్డర్లు తీసుకుని, అందులో 30 తిరిగివచ్చాయనుకుందాం. చేరిన 70 మీద 17,150 రూపాయలు వచ్చాయి, తిరిగివచ్చిన 30 మీద 8,850 పోయాయి, మిగిలింది 8,300. వంద ఆర్డర్లకు పంచితే ఆర్డరుకు 83 రూపాయలు. బోర్డు మీద 500, దాని కింద 245, దాని కింద 83 అని మూడు అంకెలను ఒకదాని కింద ఒకటి రాసి, కొన్ని క్షణాలు మాట్లాడకుండా నిలబడండి. వినేవారికి ఆ వరుసను జీర్ణించుకునే వ్యవధి కావాలి. ఆ తరువాత, ఈ 83లోంచే దుకాణం సాఫ్ట్‌వేర్ నెల చందా, గోదాముగా వాడుకున్న గది ఖర్చు, మీ శ్రమ అన్నీ రావాలని చెప్పండి. తిరిగివచ్చిన చీర మళ్లీ అమ్మదగ్గ స్థితిలో ఉందన్న అనుకోలు మీద ఈ లెక్క నిలబడిందని కూడా చెప్పడం న్యాయం. తడిసిపోయో, మరకపడో వస్తే నష్టం 295 కాదు, దాదాపు 1,200.

ఎవరైనా తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది: ఎన్ని తిరిగివస్తే అసలేమీ మిగలదు? ఈ ధరలతో వందకు 45 తిరిగివస్తే 200 రూపాయలు మిగులుతాయి, 46 తిరిగివస్తే 340 నష్టం. మీ అంకెలతో ఈ హద్దును ముందే లెక్కగట్టి కాగితం మీద రాసుకోండి.

మూడో మెట్టు: కారణాన్ని ఊహించి చెప్పకండి, విడదీసి చూపండి

జనం మాట మీద నిలబడరని సరిపెట్టుకోవడం తేలిక, కానీ దానివల్ల వినేవారు చేయగలిగే పని ఏమీ ఉండదు. తిరిగివచ్చిన పార్శిళ్లను రెండు విధాలుగా విడదీస్తే కారణాలు చాలావరకు తేటపడతాయి.

మొదటిది, ఆర్డరుకూ మొదటి డెలివరీ ప్రయత్నానికీ మధ్య గడిచిన రోజులు. రెండు మూడు రోజుల్లో ఆ ప్రయత్నం జరిగినవాటిని ఒక గుంపుగా, ఆరు రోజులు దాటినవాటిని ఒక గుంపుగా పెట్టి రెండింటి నిష్పత్తినీ పోల్చండి. చీరల వ్యాపారంలో ఈ తేడాకు ఒక ప్రత్యేక కారణం ఉంటుంది. శ్రావణ మాసంలో వరలక్ష్మీ వ్రతానికని ఆర్డరు పెట్టిన చీర ఆ శుక్రవారం దాటి చేరితే, దాని అవసరం తీరిపోయి ఉంటుంది. డబ్బు ముందుగా ఇవ్వలేదు గనుక వద్దనడానికి ఆ ఇల్లాలికి అడ్డమేమీ లేదు. ఇక్కడ తప్పు కొనుగోలుదారుది కాదు, పండుగకు నాలుగు రోజుల ముందు కూడా ఆర్డర్లు తీసుకుంటూ పోయిన దుకాణానిది. పండుగకు ఎన్ని రోజుల ముందు నగదు ఆర్డర్లు ఆపాలన్న తేదీని పిన్‌కోడ్ దూరాన్ని బట్టి నిర్ణయించుకోవచ్చని మీ శ్రోతలకు చెప్పండి.

రెండోది, చిరునామా. తిరిగివచ్చిన ఆర్డర్ల చిరునామాలను వరుసగా చదవండి. ఇంటి నంబరు లేకుండా "రామాలయం దగ్గర" అని, "పాత బస్టాండు వెనుక" అని రాసినవి ఎన్ని, పిన్‌కోడ్‌కూ ఊరి పేరుకూ పొంతన లేనివి ఎన్ని, ఫోన్ నంబరు ఒక అంకె తప్పినవి ఎన్ని అన్నది గీతలు పెట్టి లెక్కించండి. ఊళ్లో మనిషికి రామాలయం గుర్తు చాలు, కానీ వేరే మండలం నుంచి కొత్తగా చేరిన డెలివరీ కుర్రవాడికి అది చాలదు.

ఈ రెండింటికీ ఉపయోగపడే పని, పార్శిల్ కట్టకముందే ఫోన్‌లోనో వాట్సాప్‌లోనో ఆర్డరును నిర్ధారించుకోవడం. చిరునామా తిరిగి చదివి వినిపించాలి, దగ్గరలోని గుర్తుతో పాటు ఇంటి నంబరూ అడగాలి, ఏ రోజుకు చేరుతుందో చెప్పి ఆ రోజు ఇంట్లో ఎవరుంటారో కనుక్కోవాలి. దీని విలువను కూడా రూపాయల్లో చూపండి, అయితే ఇక్కడ రెండు వేర్వేరు ఫలితాలున్నాయి. చిరునామా సరిదిద్దినందువల్ల తిరిగిరావలసిన చీర చేరిందనుకోండి, 295 నష్టం 245 లాభంగా మారింది. ఆ ఫోన్ విలువ 540 రూపాయలు. అదే, కొనుగోలుదారు ఇప్పుడు వద్దండీ అని ఫోన్‌లోనే చెప్పేస్తే ప్రకటన ఖర్చు 100 ఎటూ పోయింది, ప్యాకింగు, రానుపోను కొరియర్ కలిపి 195 మాత్రమే ఆదా అయింది. రెండూ మేలే, కానీ మొదటిది దాదాపు మూడింతలు మేలు. అందుచేత ఆ ఫోన్ చేసే మనిషి "కావాలా వద్దా" అని మొదలుపెట్టకుండా, "మీ చీర రేపు పంపుతున్నామండీ, ఇంటి నంబరు ఒకసారి చెబుతారా" అని మొదలుపెట్టడం మంచిది.

నాలుగో మెట్టు: తేలికైన పరిష్కారంలోని చిక్కును మీరే ముందుగా చెప్పండి

ఇంతవరకు విన్న చురుకైన విద్యార్థి ఎవరైనా, నగదు ఆర్డర్లు పూర్తిగా ఎత్తేసి, ముందుగా చెల్లించినవారికి 50 రూపాయలు తగ్గిస్తే సరిపోతుంది కదా అని అడుగుతారు. ఈ ప్రశ్న కోసం ఎదురుచూడకుండా మీరే లేవనెత్తండి, ఎందుకంటే చిన్న వ్యాపారాల్లో చాలామంది ఇక్కడే లెక్క తప్పుతారు.

ధర 1,350 అయింది. చెల్లింపు గేట్‌వే రుసుము సుమారు 2 శాతం, ఆ రుసుము మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 32 రూపాయలు. చీర 900, ప్యాకింగు 25, కొరియర్ 90, గేట్‌వే 32, ప్రకటన 100 తీసేస్తే 203 మిగులుతుంది. వంద నగదు ఆర్డర్ల మీద మొత్తం 8,300 మిగిలింది గనుక, దానిని 203తో భాగించి, వందమందిలో 41 మంది ముందుగా చెల్లిస్తే చాలు, పాత లాభమే వస్తుందని అనుకోవడం సహజం.

అది తప్పు. ప్రకటన డబ్బు ఆర్డరుకు 100 చొప్పున ఖర్చయినట్లు కనిపించినా, నిజానికి వందమందిని రప్పించడానికి 10,000 ముందే పెట్టేశాం. అందులో 41 మందే కొంటే ఆ 10,000 భారం మొత్తం ఆ 41 మంది మీదే పడుతుంది. కాబట్టి ప్రకటన ఖర్చును పక్కన పెట్టి, చీరకు 303 వస్తుందని తీసుకోవాలి. 41 చీరల మీద వచ్చేది 12,423. అందులోంచి 10,000 తీసేస్తే 2,423 మాత్రమే. పాత 8,300 రావాలంటే కనీసం 61 మంది ముందుగా చెల్లించాలి. 41కీ 61కీ మధ్య ఉన్న ఈ దూరమే ఒక దుకాణం నగదు ఆర్డర్లు ఎత్తేసి నిలదొక్కుకోవడానికీ, రెండు నెలల్లో తిరిగి పెట్టుకోవడానికీ మధ్య తేడా కావచ్చు.

ముందుగా చెల్లించిన ఆర్డర్లలోనూ చిరునామా దొరకనివి కొన్ని ఉంటాయి గనుక అసలు హద్దు 61కి కాస్త పైనే ఉంటుంది. ఈ మాట ఒక వాక్యంలో చెప్పి ముందుకు సాగండి. మీరు ఏడాదిలో ఏ పద్ధతికి వచ్చారో ఇక్కడే చెప్పాలి. నా మటుకు నాకు, నగదును పూర్తిగా ఎత్తేయడం కన్నా, తిరిగివచ్చిన చరిత్ర ఎక్కువగా ఉన్న పిన్‌కోడ్‌లకూ, పండుగ ముందటి వారానికీ, ఒకసారి పార్శిల్ తిప్పి పంపిన నంబర్లకూ మాత్రం నగదు ఆపడం చిన్న దుకాణానికి నప్పే దారిగా కనిపిస్తుంది. అయితే పిన్‌కోడ్ మీద తీర్పు చెప్పేముందు అక్కడికి కనీసం ఇరవై పార్శిళ్లయినా వెళ్లి ఉండాలి. మూడు పంపితే రెండు తిరిగివచ్చాయని ఒక ఊరిని పక్కన పెట్టడం తొందరపాటు.

ఐదో మెట్టు: రాయండి, చదవండి, తగ్గించండి

ప్రసంగాన్ని మొదట పూర్తిగా రాసుకోండి. మొదటి వాక్యంలోనే విషయం ఉండాలి. ఉదాహరణకు ఇలా:

"అందరికీ నమస్కారం. పోయిన ఏడాది నేను నగదు మీద పంపిన ప్రతి పది చీరల్లో మూడు, కట్టిన కవరు విప్పకుండానే తిరిగి మా ఇంటికి వచ్చాయి. ఒక్కో చీర మీద నాకు ఐదు వందలు మిగులుతున్నాయని అనుకుంటూ ఉన్నాను. నిజంగా మిగిలింది ఎనభై మూడు. మిగతా డబ్బు ఏ దారిలో పోయిందో, దానిలో కొంత ఎలా ఆపగలిగానో ఈ ఎనిమిది నిమిషాల్లో బోర్డు మీద వేసి చూపిస్తాను."

దీని తరువాత ఒక్క చీర లెక్కకు నాలుగు నిమిషాలు, కారణాలకు రెండు నిమిషాలు, 41కీ 61కీ మధ్య తేడా సంగతికి ఒకటిన్నర ఇవ్వండి. గడియారం పెట్టుకొని పైకి చదివితే మీరు అనుకున్నదానికన్నా ఎక్కువ సమయం పడుతుంది, ఎందుకంటే బోర్డు మీద రాసేటప్పుడు మాట నెమ్మదిస్తుంది. అందువల్ల సాధన కూడా సుద్దముక్క చేత్తో పట్టుకొనే చేయండి. సమయం మించితే కారణాల భాగంలో ఒకదాన్ని తీసేయండి గాని లెక్కలో మెట్టును తీసేయవద్దు. మధ్యలో ఒక అంకె ఎగిరిపోతే వినేవారు అక్కడే ఆగిపోతారు. బోర్డు మీద అంకెలు రాయండి, నోటితో మాటల్లో పలకండి. పైసలు పూర్తిగా వదిలేయండి.

ఆరో మెట్టు: ప్రశ్నలకు రెండు జవాబులు సిద్ధంగా ఉంచుకోండి

కొరియర్ ఖర్చు తగ్గించడం గురించి అడిగితే, పరిమాణం బరువు చెప్పండి. చాలా కొరియర్ సంస్థలు పార్శిల్ పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగించి, వచ్చిన కిలోలనూ అసలు బరువునూ పోల్చి, ఏది ఎక్కువైతే దానికే బిల్లు వేస్తాయి. ప్యాకింగుతో కలిపి 450 గ్రాములున్న చీరను 30, 25, 8 సెంటీమీటర్ల అట్టపెట్టెలో పెడితే అది 1.2 కిలోలుగా లెక్కకు వస్తుంది. అదే చీరను 3 సెంటీమీటర్ల మందం దాటని కవరులో పెడితే అరకిలో లోపే ఉంటుంది.

జీఎస్టీ గురించి కూడా అడుగుతారు. సొంత రాష్ట్రంలోనే వస్తువులు అమ్మేవారికి రిజిస్ట్రేషన్ అవసరమయ్యే వార్షిక టర్నోవరు హద్దు ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షల రూపాయలు, తెలంగాణలో 20 లక్షలు. పన్ను పడే వస్తువులను వేరే రాష్ట్రానికి అమ్మితే మామూలుగా ఈ హద్దుతో పని లేకుండా రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. చేతివృత్తుల వస్తువులకు కొన్ని షరతుల మీద మినహాయింపు ఉంది. పెద్ద మార్కెట్‌ప్లేస్‌ల ద్వారా అమ్మేవారికి నిబంధనలు వేరు. మంగళగిరి నుంచి హైదరాబాదుకు చీర పంపడం కూడా ఇప్పుడు వేరే రాష్ట్రానికి అమ్మడమేనని గుర్తుచేయండి. తమ వస్తువు మినహాయింపు జాబితాలో ఉందో లేదో మొదటి పార్శిల్ కట్టకముందే ఆడిటరును అడిగి తెలుసుకోమని వారికి చెప్పండి.